కోడికి తెల్లవారేది ఎప్పుడు?

ఒకే హేచరీ, ఒకే జాతి, ఒకే దాణా, ఒకే టీకాలు. అయినా జనవరిలో దింపిన పిల్లలు ఒక రకంగా, జూలైలో దింపిన పిల్లలు ఇంకో రకంగా గుడ్డుకొస్తాయి. జనవరి బ్యాచ్ తొందరపడుతుంది. ఒళ్లు నిండకముందే గోలీల్లాంటి చిన్న గుడ్లు మొదలవుతాయి, కొన్నిటికి గుడ్డు పెట్టేటప్పుడు గుదం బయటికొచ్చేస్తుంది. జూలై బ్యాచ్ బరువు బాగానే తూగుతుంది కానీ తురాయి ఎర్రబడదు, దాణా తింటూ కూర్చుంటుంది. లేయర్ ఫారం నడిపేవాళ్లు మొదట పిల్లల్ని అనుమానిస్తారు, తర్వాత దాణాను అనుమానిస్తారు. చాలాసార్లు కారణం ఆ రెండూ కాదు, పగటి పొడవు.

మన దగ్గర లేయర్ షెడ్లు ఎక్కువ భాగం పక్కలు తెరిచినవే. ఎత్తు దిమ్మెల మీద కేజీలు, మీద రేకు, రెండు వైపులా గాలి, వెలుతురు. పగలు ఎంత ఉంటే కోడికి అంత వెలుగు తగులుతుంది. ఆ వెలుగుకు మనం కొంత కలపగలం కానీ తీసేయలేం. లైటింగ్ ప్రోగ్రామ్ అని పౌల్ట్రీ వాళ్లు చెప్పేదంతా ఈ హద్దులోనే జరగాలి. అందుకే చలి దేశాల్లో మూసిన చీకటి షెడ్లకు రాసిన పట్టికను యథాతథంగా తెచ్చి మన షెడ్డు గోడకు అంటిస్తే పని జరగదు. మన ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయాల లెక్కతో మొదలుపెట్టాలి.

ముందు కోడి వెలుగును ఎలా గ్రహిస్తుందో తెలియాలి. దాణా వెతుక్కోవడానికి, పక్క కోడిని చూడడానికి దానికి కళ్లు కావాలి. గుడ్డుకు రావడానికి మాత్రం కళ్లతో పెద్ద పని లేదు. 1930ల్లో ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా అనే శాస్త్రవేత్త బాతుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి బయటపడింది. చూపు లేని బాతుల్లో కూడా వెలుగు పెంచితే జననాంగాలు పెరిగాయి. సన్నని క్వార్ట్జ్ కడ్డీతో వెలుగును నేరుగా మెదడు లోపలికి పంపినా అదే జరిగింది. పక్షి పుర్రె పలుచన. వెలుగు, ముఖ్యంగా ఎరుపు వైపు ఉండే వెలుగు, ఈకలు, చర్మం, ఎముక దాటి మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ దాకా చేరుతుంది. అక్కడ వెలుగును పసిగట్టే కణాలున్నాయి. అక్కణ్నుంచి పిట్యూటరీ గ్రంథికి కబురు వెళ్తుంది, పిట్యూటరీ నుంచి హార్మోన్లు అండాశయానికి వెళ్తాయి, అండాశయం ఈస్ట్రోజన్ తయారు చేస్తుంది. ఆ తర్వాత మన కంటికి కనబడే మార్పులు వస్తాయి: తురాయి, తమ్మెలు పెరిగి ఎర్రబడతాయి, గుదం పక్కన ఉండే రెండు కటి ఎముకలు దూరం జరుగుతాయి, కాలేయం పచ్చసొన సరుకును తయారు చేయడం మొదలెడుతుంది.

ఇందులో అసలు కిటుకు ఒకటుంది. వెలుగు ఎంత సేపు ఉందన్నది కోడి మెదడు లోపలి గడియారంతో పోల్చుకుంటుంది. తెల్లవారిన పదకొండు, పన్నెండు గంటల తర్వాత కూడా ఇంకా వెలుగు పడుతుంటే, అది పెద్ద పగలని తీసుకుంటుంది. దానికన్నా బలంగా పనిచేసేది మార్పు. నిన్నటి కన్నా ఇవాళ, ఇవాళ్టి కన్నా రేపు పగలు పెరుగుతూ పోతే గుడ్డు పెట్టే కాలం వచ్చిందని గ్రహిస్తుంది. తగ్గుతూ పోతే ఇది కాలం కాదని ఆగుతుంది. కోడి పూర్వీకులు అడవిలో పిల్లల్ని పెంచుకోవడానికి నేర్చిన లెక్క ఇది. మనం అడవి కోడిని కేజీలోకి తెచ్చాం, ఆ లెక్కను మాత్రం దాని తలలోంచి తీయలేదు.

దీని నుంచి వచ్చే రెండు సూత్రాలు ప్రపంచమంతా ఒకటే. ఎదిగే వయసులో పగటి పొడవు పెరగకూడదు. గుడ్డు పెట్టే వయసులో పగటి పొడవు తగ్గకూడదు. రెండు సూత్రాలూ వినడానికి తేలికే. పక్కలు తెరిచిన షెడ్డులో సూర్యుడు మన మాట వినడు కాబట్టి చిక్కంతా అక్కడే వస్తుంది.

తూర్పు గోదావరి జిల్లా అనపర్తి చుట్టుపక్కల ఊళ్లను తీసుకుందాం. కోళ్ల ఫారాలకు పేరున్న ప్రాంతం, అక్షాంశం దాదాపు 17 డిగ్రీలు. డిసెంబరు చివర్లో అక్కడ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా సుమారు 11 గంటల 7 నిమిషాలు. జూన్ చివర్లో సుమారు 13 గంటల 9 నిమిషాలు. అంటే ఏడాదిలో తేడా రెండు గంటలు. ఇంగ్లండులో ఈ తేడా ఎనిమిది గంటలు దాటుతుంది కాబట్టి మన రెండు గంటల్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. కోడికి మాత్రం ఆ రెండు గంటలు చాలు.

జనవరి 10న పొదిగిన పిల్లల్ని ఒక షెడ్డులో దింపారనుకోండి. ఆ రోజు పగలు 11 గంటల 11 నిమిషాలు. ఆ పిల్లలకు పదిహేడు వారాలు నిండేది మే 9న. ఆ రోజు పగలు 12 గంటల 51 నిమిషాలు. ఏ లైటూ వేయకుండా వదిలేస్తే, ఎదిగే వయసంతా ఆ కోడి పగలు పెరగడమే చూస్తుంది, మొత్తం గంటా నలభై నిమిషాలు. ప్రకృతే దానికి గుడ్డుకు రమ్మని చెబుతూ ఉంటుంది. జూలై 10న దింపిన పిల్లలకు సరిగ్గా తిరగబడుతుంది. 13 గంటల 5 నిమిషాల పగటితో మొదలై, నవంబరు 6 నాటికి 11 గంటల 27 నిమిషాలకు దిగుతుంది. దానికి ఆగమని సూచన అందుతూ ఉంటుంది. మొదట్లో చెప్పిన రెండు బ్యాచ్‌ల తేడా ఇక్కడి నుంచే వస్తుంది.

తొందరగా వస్తే మంచిదే కదా, గుడ్లు ముందే మొదలవుతాయి కదా అని అడిగేవాళ్లున్నారు. మొదటి గుడ్డు పెట్టే రోజున కోడి ఒంటి బరువు ఎంత ఉందన్నది ఆ తర్వాత చాలా నెలల పాటు గుడ్డు సైజును శాసిస్తుంది. బరువు చాలక ముందే మొదలెట్టిన కోడి చిన్న గుడ్డుతో మొదలై, పెద్ద గుడ్డుకు ఆలస్యంగా చేరుతుంది. చిన్న గుడ్డుకు మార్కెట్లో ధర కోసేస్తారు. కటి ఎముకలు పూర్తిగా విచ్చుకోని శరీరంలోంచి గుడ్డు వస్తే గుదం బయటికి జారుతుంది. ఫారాల్లో దీన్ని ప్రొలాప్స్ అనే అంటారు. ఎర్రగా తడిగా కనబడిన ఆ కండను పక్క కోడి పొడుస్తుంది, ఒకసారి రక్తం రుచి చూసిన కోడి ఆగదు. పొద్దున గుడ్లు ఏరడానికి వెళ్లిన పనివాడికి కేజీలో వెనక భాగం పీక్కుపోయిన కోడి కనబడుతుంది. మొదటి నెలలో ఇలాంటివి ఎన్ని పోయాయో షెడ్డు రిజిస్టరు చూస్తే, లైటు తొందరపడిందో లేదో చెప్పొచ్చు. ఇక పీక్ వరకు బాగానే ఎక్కి, అక్కడ నిలబడలేక జారిపోయే బ్యాచ్ కూడా ఎక్కువసార్లు ఈ తొందర బాధితురాలే.

ఆలస్యానికి ఖర్చు వేరు. కోడి గుడ్డు పెట్టినా పెట్టకపోయినా దాణా తింటుంది. రోజుకు వంద గ్రాముల దగ్గర తినే కోడి రెండు వారాలు ఆలస్యమైతే ఒక్కో కోడికి కిలో నాలుగు వందల గ్రాముల దాణా ఉత్తిగా పోయినట్టే. పది వేల కోళ్లకు అది పద్నాలుగు టన్నులు.

జనవరి బ్యాచ్‌ను ఎలా నడపాలో వారం వారం చూద్దాం. సూత్రం ఒకటే: ఎదిగే కాలంలో ఆ కోడి చూడబోయే అతి పెద్ద సహజ పగలు ఎంతో ముందే చూసుకుని, కృత్రిమ వెలుగుతో ఆ పొడవును మొదటి నుంచీ కప్పేయాలి. అప్పుడు బయట పగలు పెరుగుతున్నా లోపల కోడికి తెలియదు. మే 9న పగలు 12 గంటల 51 నిమిషాలు. కానీ సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత ఉండే మసక వెలుతురు కూడా కోడికి వెలుగే. మన ప్రాంతంలో అది ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైనే ఉంటుంది. పట్టిక చూసి లెక్కేసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. కాబట్టి మనం ఆపాల్సిన పొడవు 13 గంటలు కాదు, సుమారు 13న్నర గంటలు.

దింపిన మొదటి రెండు మూడు రోజులు 22 గంటలు వెలుగు ఉంచుతారు, పిల్ల నీళ్లూ దాణా కనుక్కోవాలి కాబట్టి. మొదటి వారం చివరికి 20 గంటలు. అక్కణ్నుంచి వారానికి ఒక గంట, ఒక్కోసారి గంట కన్నా కాస్త ఎక్కువ తగ్గిస్తూ ఎనిమిదో వారానికి 13న్నర గంటలకు చేరుస్తారు. ఆ లేత వయసులో పెద్ద పగలు చూసినా పిల్ల గుడ్డుకు రాదు, దాని శరీరం ఇంకా ఆ కబురుకు సిద్ధంగా ఉండదు. మెల్లగా తగ్గించడం వల్ల తినే సమయం ఎక్కువ దొరుకుతుంది. ఎండాకాలం వైపు పెరుగుతున్న బ్యాచ్‌కు ఇది బాగా కలిసొస్తుంది, ఎందుకంటే మార్చి, ఏప్రిల్ నెలల మధ్యాహ్నపు వేడిలో గ్రోయరు దాణా ముట్టదు, తెల్లవారుజామున, పొద్దుగూకాక తింటుంది.

ఎనిమిదో వారం నుంచి పదిహేడో వారం దాకా టైమర్ ఉదయం 5:15కి లైటు వేస్తుంది, సాయంత్రం 6:45కి ఆర్పేస్తుంది. మార్చి మొదట్లో అక్కడ సూర్యోదయం 6:20 దగ్గర, సూర్యాస్తమయం 6:10 దగ్గర. కాబట్టి పొద్దున గంట, సాయంత్రం అరగంట లైట్ల పని ఉంటుంది. మే నెలలో సూర్యుడు ఐదున్నర దాటగానే వచ్చి ఆరుంపావు దాటాకే పోతాడు, ఆ అంచులకు మసక వెలుతురు తోడైతే లైట్ల పని దాదాపు ఉండదు. కోడి మాత్రం ఆ రెండు నెలలూ ఒకే పొడవున్న పగటిని చూసింది. ప్రకృతి చేసిన పెంపును మనం చేత్తో చెరిపేశామన్నమాట.

ఇప్పుడు పదిహేడో వారం వచ్చింది. క్యాలెండరు ప్రకారం లైటు పెంచే సమయం. ఇక్కడే ఆగాలని నేను గట్టిగా చెప్తాను. లైటు పెంచాల్సింది వయసు చూసి కాదు, తూకం చూసి. షెడ్డులో ఒకే మూల నుంచి కాకుండా ముందు, మధ్య, వెనక, పై వరుస, కింది వరుస కేజీల నుంచి కలిపి వంద కోళ్లను ఒక్కొక్కటిగా తూచాలి. తెల్ల గుడ్డు పెట్టే మన లేయర్లకు ఈ వయసులో సగటు 1,200 గ్రాముల దగ్గర ఉండాలనుకుందాం. కచ్చితమైన అంకె ఆ జాతి కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. సగటుకు పది శాతం అటూ ఇటూ, అంటే 1,080 నుంచి 1,320 గ్రాముల మధ్య, వందలో కనీసం ఎనభై కోళ్లు ఉండాలి. దీన్ని యూనిఫార్మిటీ అంటారు.

మన షెడ్డులో తూకం వేస్తే సగటు 1,150 వచ్చింది, హద్దులో 68 కోళ్లే ఉన్నాయి అనుకుందాం. ఏప్రిల్ ఎండలు దాణా తినిపించనివ్వలేదు. ఈ స్థితిలో లైటు పెంచితే బరువున్న కోళ్లు గుడ్డుకొస్తాయి, బక్కవి కూడా వాటితో పాటే తోయబడతాయి. ప్రొలాప్స్ మొదలయ్యేది ఈ బక్కవాటిలోనే. అనుభవమున్న సూపర్‌వైజరు యజమానితో అనేది ఒకటే మాట: "బరువు రాలేదండీ, ఒక వారం ఆగుదామండి." ఆ వారం లైటు 13న్నర గంటల దగ్గరే ఉంటుంది. బక్క కోళ్లను ఏరి వేరే వరుసలో పెట్టి, తెల్లవారుజాము చల్లదనంలో దాణా ఎక్కువ పడేలా చూస్తారు, మళ్లీ తూస్తారు. ఆ వారం ఆగినందుకు పోయే దాణా కన్నా, ఆగనందుకు పోయే కోళ్లూ చిన్న గుడ్లూ ఎక్కువ.

సరిగ్గా ఇదే సమయంలో దాణా కూడా మారాలి. ఒక్క గుడ్డు పెంకులో రెండు గ్రాముల పైన కాల్షియం ఉంటుంది. మొదటి గుడ్డుకు కొన్ని రోజుల ముందు కోడి తన పొడవాటి ఎముకల లోపలి బోలులో ప్రత్యేకమైన ఎముకను పెంచి కాల్షియం దాచుకుంటుంది. గ్రోయరు దాణాలో కాల్షియం ఒక శాతం దగ్గరే ఉంటుంది. లైటు పెంచి, దాణా పాతదే ఉంచితే ఆ నిల్వకు సరుకు ఉండదు, కోడి తన సొంత ఎముకను కరిగిస్తుంది. అందుకే తురాయిలు ఎర్రబడడం కనబడగానే కాల్షియం రెండు, రెండున్నర శాతం ఉండే ప్రీ లే దాణాకు మారతారు, గుడ్లు మొదలయ్యాక లేయర్ దాణాకు.

తూకం వచ్చింది. మొదటి మెట్టు కాస్త పెద్దగా ఉండాలి, కోడి గమనించేలా ఒక గంట. పద్నాలుగున్నర గంటలు, ఉదయం 4:30 నుంచి రాత్రి 7 గంటల దాకా. మరుసటి వారం 4 గంటలకే లైటు, అంటే 15 గంటలు. ఆ పై వారం 3:30కి, పదిహేనున్నర. ఆ తర్వాత సాయంత్రం అరగంట కలిపి 3:30 నుంచి 7:30 దాకా, 16 గంటలు. అక్కడ ఆపాలి. పదహారు దాటి పెంచితే గుడ్లు పెరగవు, కరెంటు బిల్లు పెరుగుతుంది. పైగా తర్వాత ఎప్పుడైనా ఫ్లాక్ మందగిస్తే పెంచడానికి మన చేతిలో ఏమీ మిగలదు. పెంపును ఎక్కువగా ఉదయం వైపు పెట్టింది ఎండ కోసం. మే, జూన్ నెలల్లో కోడి మనస్ఫూర్తిగా తినేది తెల్లవారుజామునే.

మొదటి గంట పెంచాక రెండు మూడు వారాల్లో మొదటి గుడ్లు కనబడాలి. ఈ లోపు చూడాల్సినవి రెండు. కేజీ ముందు నిలబడి వరుసను చూస్తే తురాయిలన్నీ దాదాపు ఒకే తీరుగా ఎర్రబడుతున్నాయా, కొన్ని పాలిపోయి చిన్నగానే ఉన్నాయా అన్నది ఒకటి. కొన్ని కోళ్లను పట్టుకుని వెనక రెండు కటి ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడడం రెండోది. గుడ్డుకు దూరంగా ఉన్న కోడికి ఒక వేలు కూడా పట్టదు, దగ్గరపడిన కోడికి రెండు వేళ్లు పడతాయి. తురాయి ఎర్రబడకుండా వారాలు గడిస్తే, లైటు కోడి దాకా చేరడం లేదని అనుమానించాలి.

చేరకపోవడానికి కారణం ఎక్కువగా కింది వరుస కేజీలే. బల్బు ఏడెనిమిది అడుగుల ఎత్తులో నడవ మీద వేలాడుతుంది. పై వరుస కోడికి వెలుగు ఎక్కువ, కింది వరుసలో పై కేజీల నీడ పడుతుంది. రాత్రి షెడ్డులోకి వెళ్లి, లైట్లన్నీ వేసి, అన్నిటికన్నా కింది వరుస దాణా తొట్టి దగ్గర కూర్చుని వార్తాపత్రిక చదవగలిగితే వెలుగు చాలినట్టు. లక్స్ మీటరుంటే ఇరవై లక్స్ చూపించాలి. పత్రిక అక్షరాలు కనబడకపోతే లైట్లు పెంచేముందు ఉన్నవాటిని తడిగుడ్డతో తుడవాలి. కోళ్ల షెడ్డు దుమ్ము బల్బును నెల రోజుల్లో మసకేస్తుంది. పాత ఫిలమెంటు బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు ఇంకో సంగతి చూడాలి. కొన్ని ఎల్‌ఈడీలు వెలుగును టార్చిలాగా కిందికే పంపి పక్కల నీడలు వదుల్తాయి. తెల్లటి నీలపు వెలుగు కన్నా పసుపు ఛాయ ఉన్న వెచ్చని వెలుగులో ఎరుపు భాగం ఎక్కువ, పుర్రె దాటేది ఆ భాగమే.

వెలుగు చేరకూడని చోటికి చేరడం దీనికి తిరగేసిన తప్పు, మన ఫారాల్లో ఇది కూడా తక్కువేం కాదు. గ్రోయరు షెడ్డు పక్కనే లేయరు షెడ్డు ఉంటే, తెల్లవారుజామున మూడున్నరకు అక్కడ వెలిగిన లైట్లు ఇవతలి షెడ్డు మీద పడతాయి. కాపలా కోసం రాత్రంతా వెలిగే దీపం కూడా అంతే. గ్రోయరు షెడ్డులో టైమర్ సరిగ్గానే ఉంటుంది, రిజిస్టరులో 13న్నర గంటలే రాసి ఉంటుంది, కానీ లేయరు షెడ్డు వైపు ఉన్న వరుసలో తురాయిలు ముందే ఎర్రబడి ఉంటాయి, అవతలి వరుసలో ఉండవు. ఇలా ఒక వైపే ఎర్రబడడం కనిపిస్తే గుర్తు పట్టేయొచ్చు. ఆ వైపు పరదా దించడమో, ఆ దీపాన్ని తిప్పడమో చేస్తే సరిపోతుంది. ఇప్పుడు కొత్తగా కడుతున్న మూసిన ఏసీ షెడ్లలో గ్రోయర్లను రోజుకు తొమ్మిది, పది గంటల మసక వెలుగులో పెంచుతున్నారు. వాటిని పదిహేనో వారంలో తెరిచిన షెడ్డుకు మార్చేస్తే ఒక్క రోజులో పగలు రెండు మూడు గంటలు పెరిగినట్టు, పైగా పట్టపగటి వెలుగు తగిలినట్టు. అదే దానికి లైటింగ్ పెంపు. కాబట్టి అలాంటి పుల్లెట్లను మార్చే రోజునే బరువు సరిపోయిందో లేదో చూసుకోవాలి.

జూలై బ్యాచ్ విషయం చాలా తేలిక. అది తగ్గే పగటిలో పెరుగుతుంది కాబట్టి ముందే పొంగిపోయే భయం లేదు. అక్టోబరు మొదటి వారంలో మసక వెలుతురు కాకుండా పగలు 12 గంటల దగ్గరికొస్తుంది. అక్కణ్నుంచి ఇంకా తగ్గిపోకుండా లైటుతో ఆ పొడవును నిలబెట్టాలి, తూకం వచ్చాక ఒక గంటతో మొదలుపెట్టి పైకి వెళ్లాలి. తగ్గిన పగటి నుంచి పెరిగే ఆ గంట కోడికి బాగా తెలుస్తుంది, ఫ్లాక్ అంతా ఒకేసారి వచ్చేస్తుంది. నవంబరు, డిసెంబరులో చలి కాబట్టి దాణా కూడా బాగా తింటుంది. ఆలస్యం వచ్చేది ఎవరికంటే, సూర్యుడు చూసుకుంటాడులే అని లైటు ఊసే ఎత్తకుండా డిసెంబరు దాకా ఎదురుచూసినవాళ్లకు.

గుడ్లు మొదలయ్యాక ఇక రెండో సూత్రం. తగ్గకూడదు. 16 గంటలకు అలవాటైన కోడికి డిసెంబరులో సూర్యుడు ఇచ్చేది 11 గంటలే, మిగతా ఐదు గంటలు కరెంటే ఇవ్వాలి. ఒక రాత్రి కరెంటు పోతే పెద్దగా ఏమీ కాదు. వరసగా వారం పది రోజులు తెల్లవారుజామున కోత పడితే, జనరేటరు లేని షెడ్డులో కోడికి కాలం అయిపోయిందనిపిస్తుంది. గుడ్లు పడిపోతాయి, మెడ దగ్గర ఈకలు రాలడం మొదలవుతుంది. ఆ ఈకలు రాలిపోయి కొత్తవి వచ్చే దాకా కోడి మళ్లీ పూర్తి ప్రొడక్షన్‌కు రాదు. దీనికన్నా కనిపెట్టడం కష్టమైనది బ్యాటరీ లేని టైమర్. కరెంటు పోయిన ప్రతిసారీ అందులో గడియారం ఆగుతుంది, వచ్చాక అక్కణ్నుంచే నడుస్తుంది. రోజుకు అరగంట కోత ఉంటే పది రోజుల్లో ఐదు గంటలు వెనకబడుతుంది. కోడి దీన్ని గుడ్డు పెట్టే వేళతో చెబుతుంది. లైటు వెలిగిన ఐదారు గంటల్లో ఎక్కువ గుడ్లు వచ్చేయాలి, అంటే మూడున్నరకు లైటు వెలిగే షెడ్డులో ఉదయం తొమ్మిదిన్నరకల్లా తొట్టెలు నిండాలి. గుడ్లు మెల్లగా మధ్యాహ్నం వైపు జరుగుతున్నాయని ఏరేవాడు చెబితే, దాణా సంచులు విప్పేముందు టైమర్ దగ్గరకు వెళ్లి చేతి గడియారంతో సరిచూడాలి.

ఎండాకాలంలో మన ఫారాల్లో ఇంకో పద్ధతి ఉంది, అర్ధరాత్రి ఒక గంట లైటు వేసి దాణా, నీళ్లు ఇవ్వడం. పగలు వేడికి తినని కోడి ఆ గంటలో తింటుంది. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూటే కాబట్టి అప్పుడు తిన్న కాల్షియం నేరుగా పెంకుకు పోతుంది. ఈ గంట పగటి లెక్కను చెడగొట్టకుండా ఉండాలంటే దానికి ముందూ వెనకా కనీసం మూడేసి గంటల చీకటి ఉండాలి. మన షెడ్డులో 7:30కి లైటు ఆరుతుంది, 3:30కి వెలుగుతుంది. రాత్రి 11 నుంచి 12 దాకా వేస్తే రెండు వైపులా మూడున్నర గంటలు మిగులుతాయి, సరిగ్గా సరిపోతుంది. వానలు పడి చల్లబడ్డాక ఈ గంటను ఒక్క రోజులో తీసేయకూడదు. వారానికి పదిహేను నిమిషాల చొప్పున తగ్గిస్తూ నాలుగు వారాల్లో ఆపాలి, ఆ నాలుగు వారాల గుడ్ల లెక్క రోజూ రాసుకోవాలి.